52 కొట్లకు గడువు 30 నుంచి 15 రోజులకు తగ్గించాలా? ఏజింగ్ రిపోర్టు చూసి చెప్పండి

పైపులకొట్టు_అనంత
అందరికీ నమస్కారం. అనంతపురంలో మాది పీవీసీ పైపులు, ఫిట్టింగులు, మోటారు సామాను హోల్‌సేల్. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు, ధర్మవరం వైపు 52 కొట్లకు సరుకు వేస్తాం. బిల్లు మీద గడువు 30 రోజులని ఉంటుంది, ఆ గడువులో కట్టేవాళ్లు మాత్రం దాదాపు లేరు. ఓడీ లిమిట్ ఎప్పుడూ నిండే ఉంటోంది, వడ్డీ 11 శాతం. జూలై నెలాఖరుకు మా అకౌంటెంట్ బిల్లు తేదీని బట్టి తీసిన రిపోర్టు ఇది (లక్షల్లో, జీఎస్టీతో కలిపి):

0–30 రోజులు: 38
31–60: 29
61–90: 22
91–180: 25
180 దాటినవి: 17
మొత్తం: 131

జూలై అమ్మకం 38 లక్షలు. ఆ లెక్కన 103 రోజుల అమ్మకం బయటే ఉంది. నిద్ర పట్టడం లేదు. ఆగస్టు 15 నుంచి అందరికీ గడువు 15 రోజులని లెటర్ పంపుదామని మా తమ్ముడు అంటున్నాడు. మీరేమంటారు?

ప్రొద్దుటూరు_బట్టలు
పంపండి అన్నా, ఆలోచించేదేముంది? వ్యాపారంలో మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. 15 రోజులు దాటితే 24 శాతం వడ్డీ అని బిల్లు మీదే ప్రింటు కొట్టించండి. ఇంకోటి, 43బి(హెచ్) వచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే ఆ ఖర్చు వాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్సులో ఆ ఏడాదికి రాదు. ఉద్యం సర్టిఫికెట్ జిరాక్సు ప్రతి బిల్లుకూ పిన్ చేసి పంపండి, పరిగెత్తుకుంటూ వచ్చి కడతారు.

కదిరి_కొత్త
మీరు పైపుల కంపెనీకి 30 రోజుల్లో కట్టాలంటే కష్టమే అన్నా. కంపెనీ వాళ్లనే 60 రోజులు అడగండి. మా వాళ్లకు ఇచ్చారు.

పైపులకొట్టు_అనంత
తమ్ముడూ, కంపెనీకి మేం కట్టే దాని గురించి కాదు, మాకు రావలసిన దాని గురించి అడుగుతున్నా. కంపెనీకి అడ్వాన్సే కడతాం, అక్కడ గడువనే మాటే లేదు.

ఆడిట్_ఫైలు_కర్నూలు
లెటర్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒక్కటి చెప్పండి: మీ రిపోర్టులో మొత్తం 131 కదా, టాలీలో పార్టీల లెడ్జర్ బ్యాలెన్సులు అన్నీ కూడితే ఎంత వస్తుంది? రెండూ ఒకటేనా?

పైపులకొట్టు_అనంత
ఇప్పుడే చూశాను మేడమ్. లెడ్జర్ల మొత్తం 120 లక్షలే. 11 లక్షల తేడా ఉంది. ఇదెలా?

ఆడిట్_ఫైలు_కర్నూలు
అనుకున్నాను. రసీదు ఎంట్రీ వేసేటప్పుడు అది ఏ బిల్లుకు వచ్చిన డబ్బో చెప్పి Agst Ref పెట్టాలి. తొందరలో On Account అని కొట్టి వదిలేస్తే లెడ్జర్‌లో బ్యాలెన్స్ తగ్గుతుంది, బిల్లు మాత్రం కట్టనట్టే మిగిలిపోయి నెలనెలా ముసలిదవుతుంది. మీ అకౌంటెంట్ బిల్లుల జాబితా ఒక్కటే ఎక్సెల్‌లోకి తీసుకున్నట్టున్నారు, On Account వరసలు వదిలేశారు. సంతకు వెళ్లి నగదు తెచ్చే లైన్‌మన్ ఉన్న ప్రతి హోల్‌సేల్ కొట్టులోనూ ఇదే తంతు.

ఈ 11 లక్షలు ముందు బిల్లులకు సర్దండి. సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. అన్నీ పాత బిల్లుకే కొట్టేయడం తేలిక, కానీ నిజం అక్కడే మాయమవుతుంది. కొట్టువాడు ఫలానా బిల్లుకని చెప్పి ఇస్తే దానికే వేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59 నుంచి 61 సెక్షన్ల వరకు వరస కూడా అదే: అప్పున్నవాడు చెప్పిన బిల్లుకు మొదట, అతను చెప్పకపోతే మీ ఇష్టం, ఇద్దరూ ఏమీ చెప్పకపోతేనే పాతదాని నుంచి. వాట్సాప్‌లో స్లిప్పులు ఉంటాయి, వెతికించండి.

సర్దాక మళ్లీ అంకెలు పెట్టండి. వాటితో పాటు మే, జూన్, జూలై అమ్మకాలు, పోయిన ఏడాది జూలై నెలాఖరు ఏజింగ్ కూడా కావాలి.

రాయదుర్గం_హార్డ్‌వేర్
నేను అటువైపు మనిషిని, అంటే మీలాంటి వాళ్ల దగ్గర సరుకు తెచ్చుకునేవాణ్ణి. ఓ మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. రైతు బోరు వేసుకుని మే నెలలో పైపులు తీసుకుంటాడు. శెనక్కాయ పెరికి అమ్మి నా బాకీ కట్టేసరికి అక్టోబరో నవంబరో అవుతుంది. మధ్యలో నేను మీకు 50–60 రోజుల్లో కడుతున్నానంటే, చిల్లర అమ్మకాల డబ్బు తిప్పి, ఇంట్లో బంగారం పెట్టి కడుతున్నా. మీరు 15 రోజులు అంటే నాకు బళ్లారి గంట దూరం, అక్కడ అప్పు పెట్టేవాళ్లున్నారు.

ప్రొద్దుటూరు_బట్టలు
ఇదే చూడండి, ప్రతి కొట్టువాడూ రైతు పేరు చెప్తాడు. సిమెంటుకు మాత్రం అందరూ నగదు కడతారు, అప్పుడు రైతు గుర్తుకురాడు.

రాయదుర్గం_హార్డ్‌వేర్
సిమెంటువాడు అప్పు ఇవ్వడు కాబట్టి కడతాం సామీ. ఇచ్చేవాడికే నిలబెడతాం. దాచుకోవడానికేముంది.

రిటైర్డ్_మేనేజర్
బ్యాంకు వైపు నుంచి ఒక విషయం. మీ ఓడీ బుక్ డెట్స్ మీద ఉంటే సాంక్షన్ లెటర్ ఒకసారి తీసి చూడండి. మామూలుగా 90 రోజులు దాటిన బాకీలను డ్రాయింగ్ పవర్ లెక్కలోకి తీసుకోరు. అంటే ఆ సొమ్ము మీకూ అందదు, దాని మీద బ్యాంకూ ఇవ్వదు. లిమిట్ బిగుసుకుపోవడానికి 55 రోజులకు కట్టేవాడికంటే ఈ 90 దాటినవే పెద్ద కారణం అయ్యుండొచ్చు.

పైపులకొట్టు_అనంత
రెండు రోజులు కూర్చుని సర్దాం మేడమ్. ఇదిగో:

0–30: 38
31–60: 29
61–90: 19
91–180: 19
180 దాటినవి: 15
మొత్తం 120

అమ్మకాలు: మే 55, జూన్ 46, జూలై 38.

పోయిన ఏడాది జూలై నెలాఖరు: 0–30 లో 49, 31–60 లో 32, 61–90 లో 21, 90 దాటినవి మొత్తం 14. అప్పటి అమ్మకాలు మే 58, జూన్ 50, జూలై 49.

ఆడిట్_ఫైలు_కర్నూలు
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

మీ 103 రోజుల లెక్కలో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి ఆ 11 లక్షలు. రెండోది, మొత్తం బాకీని జూలై అమ్మకంతోనే భాగించారు. వానలు పడ్డాక పైపుల అమ్మకం తగ్గుతుంది. అమ్మకం తగ్గిన నెలలో కొత్త బిల్లులు తక్కువ, పాత బిల్లులు ఎప్పటిలాగే ఉంటాయి, కాబట్టి ఎవరూ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకపోయినా రిపోర్టు ముసలిగా కనిపిస్తుంది. మూడు నెలల సగటుతో చూస్తే 78 రోజులు వస్తుంది. పోయిన ఏడాది ఇదే లెక్కన 66–67. పెరిగింది నిజమే, కానీ ఎక్కడ పెరిగిందో చూద్దాం.

ఏ నెల బిల్లులను ఆ నెల అమ్మకంతోనే పోల్చండి. జూన్‌లో 46 లక్షలకు బిల్లులు వేశారు, అందులో 29 ఇంకా రావాలి, అంటే 63 శాతం. పోయిన ఏడాది జూన్‌లో 50కి 32, అంటే 64 శాతం. మే బిల్లులు 55కి 19 మిగిలాయి, 35 శాతం. పోయిన ఏడాది 58కి 21, 36 శాతం. తేడా ఏమీ లేదు. మీ రోజువారీ కొట్లు పోయిన ఏడాది ఎలా కట్టాయో ఈ ఏడాదీ అలాగే కడుతున్నాయి, సుమారు 55–60 రోజులకు. వాళ్లు మెల్లగా కడతారు, నిజమే. కానీ కొత్తగా చెడిపోలేదు.

చెడిపోయింది 90 దాటిన చోట. 14 నుంచి 34 లక్షలు అయింది. మీ అసలు ప్రశ్న ఈ 20 లక్షల గురించి. అది ఎవరెవరి దగ్గర ఉందో పేర్లు వద్దు, రకాలుగా విడదీసి చెప్పండి.

పైపులకొట్టు_అనంత
34 లక్షలు విడదీశాను.
ఒక కాంట్రాక్టరు, ప్రభుత్వ పనులు చేస్తాడు, బిల్లు రాలేదంటున్నాడు: 12.
మూడు కొట్లు, రెండు సీజన్లుగా సాగదీస్తున్నాయి: 11.
రిటర్న్‌లు, స్కీము తగ్గింపులు తేలక ఆగినవి: 4.5.
మిగతా 14 కొట్ల దగ్గర కొద్దికొద్దిగా: 6.5.

నిజం చెప్పాలంటే నలుగురి దగ్గరే 23 లక్షలుందని ఇలా రాస్తే గానీ కంటికి ఆనలేదు.

ఆడిట్_ఫైలు_కర్నూలు
చూశారా, 15 రోజుల లెటర్ పంపితే ఈ నలుగురూ దాన్ని చదవను కూడా చదవరు. 30 రోజుల గడువునే 200 రోజులు లాగినవాడికి 30 అయితేనేం, 15 అయితేనేం? ఆ లెటర్ తగిలేది మాట మీద నిలబడే మిగతావాళ్లకు.

వాళ్లకు బిగిస్తే వచ్చేదెంత, పోయేదెంత? లక్ష రూపాయల బిల్లు తీసుకోండి. 18 శాతం జీఎస్టీ తీసేస్తే సరుకు విలువ సుమారు 84,700. రవాణా పోగా మీకు మిగిలేది ఎంత శాతం?

పైపులకొట్టు_అనంత
9 శాతం అనుకోండి.

ఆడిట్_ఫైలు_కర్నూలు
అంటే లక్ష బిల్లు మీద 7,600 లాభం. 55 రోజులు బయట ఉంటే 11 శాతం చొప్పున వడ్డీ సుమారు 1,650. మీరు గట్టిగా నిలబడి దాన్ని 40 రోజులకు తెచ్చారనుకుందాం, 15 రోజుల వడ్డీ అంటే 450 మిగులుతుంది. 7,600 లాభంలో 450 అంటే ఆరు శాతం లోపే. బిగించినందుకు ఈ కొట్ల అమ్మకంలో ఆరు శాతం కంటే ఎక్కువ బళ్లారికి వెళ్లిపోతే మీకు నష్టమే. రాయదుర్గం సార్ ఒక్కరు పోయినా ఆ ఆరు శాతం దగ్గరకు వస్తుందేమో చూసుకోండి.

అదే లక్ష బిల్లు పూర్తిగా మునిగితే? మీరు పెట్టిన 92,000 పైచిలుకు పోతుంది, కట్టేసిన జీఎస్టీ కూడా అందులోనే. మన జీఎస్టీలో మొండిబాకీకి పన్ను వెనక్కి ఇచ్చే పద్ధతి లేదు. ఆ ఒక్క బిల్లు పూడ్చుకోవడానికి ఇంకో 12 మంచి బిల్లులు కావాలి. అందుకే బిగించాల్సింది గడువును కాదు, సరుకు వదిలే చేతిని. మీ కొట్లు 55–60కి కడుతున్నాయి కాబట్టి, గొడవలేని బిల్లు ఏదైనా 75 రోజులు దాటిందంటే ఆ కొట్టుకు కొత్త లోడు నగదు మీదే, అదీ పాతదానిలో కొంత కడితేనే. క్రెడిట్ లిమిట్ రూపాయల్లో పెడితే సరిపోదు. 3 లక్షల లిమిట్ ఉన్నవాడు 2.8 లక్షల పాత బాకీతో ఏడాదంతా లిమిట్‌లోనే కనిపిస్తాడు.

ప్రొద్దుటూరు_బట్టలు
లెక్క బాగుంది మేడమ్, ఒప్పుకున్నా. అయితే వడ్డీ ఎందుకు వద్దు? పోనీ 7 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు ఇవ్వొచ్చు కదా, బట్టల్లో మేం ఇస్తాం.

ఆడిట్_ఫైలు_కర్నూలు
55 రోజులకు వచ్చేది 7 రోజులకు వస్తే 48 రోజులు ముందు. దానికి 2 శాతం ఇస్తే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టినట్టు. ఓడీ 11కే ఉంది. 1 శాతం అయితే ఏడాదికి ఏడున్నర పడుతుంది, అది నయం. లిమిట్ నిండిపోయి కంపెనీ లోడు ఆగిపోతుంటే 2 శాతమూ ఒక్కోసారి మంచిదే, అది మీ అవసరాన్ని బట్టి. ఆలస్యపు వడ్డీ వేయొచ్చు, కానీ వసూలు చేసిన వడ్డీకి కూడా జీఎస్టీ ఉంది, డెబిట్ నోటు ఇవ్వాలి. వేసి మాఫీ చేసే వడ్డీకి విలువ ఉండదు.

ఇక 43బి(హెచ్) మీద మీరు చెప్పింది సగమే సరి. నియమం ఉంది, 45 రోజులూ నిజమే. కానీ అది సూక్ష్మ, చిన్న తయారీదారులకు, సర్వీసు వాళ్లకు. 2021 జూలైలో వ్యాపారులకు ఉద్యంలో చోటిచ్చినప్పుడు ప్రయోజనాన్ని ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేశారు. ఈయన కొని అమ్మేవారు, కాబట్టి ఆ జిరాక్సు పిన్ చేసి లాభం లేదు.

బేతంచెర్ల_రాయి
మేడమ్, మాది పాలిష్ యూనిట్, బండలు కోసి పాలిష్ చేసి అమ్ముతాం. ఉద్యం ఉంది. బెంగళూరు బిల్డరు ఒకరు 7 నెలలుగా 6 లక్షలు ఇవ్వడం లేదు. మాకు పనికొస్తుందా అది?

ఆడిట్_ఫైలు_కర్నూలు
మీరు తయారీ కాబట్టి వస్తుంది, సరుకు ఇచ్చేనాటికే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేసుకోవచ్చు, వడ్డీ బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. కాకపోతే వేసిన తర్వాత ఆ బిల్డరుతో వ్యాపారం ఉండదని అనుకునే వేయండి.

బేతంచెర్ల_రాయి
అదే సమస్య మేడమ్. మా సరుకులో మూడో వంతు ఆయనకే పోతుంది. చూస్తాం.

కడప_సేల్స్
ఎవరూ అడగలేదు గానీ, పైపుల అన్నా, మీ లైన్‌మన్‌కు ఇన్సెంటివ్ దేని మీద? అమ్మకం మీదైతే ఆ మూడు కొట్లకు సరుకు తోస్తూనే ఉంటాడు, నేను అదే ఉద్యోగం చేశా కాబట్టి తెలుసు. వసూలైన డబ్బు మీద పెట్టండి, 75 రోజుల లోపు వచ్చినదానికే.

పైపులకొట్టు_అనంత
అమ్మకం మీదే తమ్ముడూ. అర్థమైంది.

మేడమ్, ఆగిన 4.5 లక్షల్లో ఒకటి చూడండి. ఉరవకొండ కొట్టు. పోయిన నవంబరు బిల్లు 1.8 లక్షలు, అందులో 38 వేల పైపులు పగిలి వచ్చాయి. అప్పటి నుంచి ఆ బిల్లు మొత్తం ఆపేశాడు. మిగతావన్నీ 50 రోజులకు కడతాడు. మా అకౌంటెంట్ ఆయన ఇచ్చిన డబ్బంతా పాతదానికే సర్దాడు, దాంతో మా పుస్తకంలో ఎప్పుడూ మొండి ఖాతాల్లోనే కనిపిస్తున్నాడు.

ఆడిట్_ఫైలు_కర్నూలు
నేను పాతదానికే సర్దవద్దన్నది ఇందుకే. ఆయన మీ మంచి ఖాతాల్లో ఒకరు, ఒకే ఒక్క తగాదా ఉంది. 75 రోజుల రూలు గుడ్డిగా పెడితే మొదట ఆగేది ఆయన లోడే. 38 వేలకు క్రెడిట్ నోటు ఇచ్చేయండి, 1.42 లక్షలు వచ్చేస్తాయి. తేదీ కూడా ఉంది: పోయిన ఆర్థిక సంవత్సరం బిల్లుకు జీఎస్టీ తగ్గించుకునే క్రెడిట్ నోటు ఈ నవంబరు 30 లోపు రిటర్నులో చూపాలి, అంతకుముందే వార్షిక రిటర్ను వేసేస్తే అక్కడితో సరి. దాటితే ఆ పన్ను మీ జేబులోంచే.

ఆ మూడు కొట్లకు ఇంకో మాట చెప్పొచ్చు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి, తర్వాత డబ్బు కట్టాక మళ్లీ తీసుకోవచ్చు. కాంపోజిషన్ కొట్లకు ఇది తగలదు. రెగ్యులర్ వాళ్ల ఆడిటర్‌కు ఒక మెయిల్ వెళ్తే కదలిక ఉంటుంది.

రిటైర్డ్_మేనేజర్
కాంట్రాక్టరు 12 లక్షల సంగతి మరవకండి. అతని బిల్లు ఎప్పుడొస్తుందో అతనికే తెలియదు. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం తీసుకోండి, తేదీతో. దావాకు మూడేళ్లే గడువు. ఆ గడువు ముగిసేలోపు సంతకం పడితే మళ్లీ మొదటి నుంచి లెక్క. మనిషి మంచిగా మాట్లాడుతున్నప్పుడే తీసుకోవాలి, తర్వాత ఫోనే ఎత్తడు.

రాయదుర్గం_హార్డ్‌వేర్
75 రోజులంటే నాకు జూన్ నుంచి జనవరి దాకా ఇబ్బంది లేదు. మార్చి–మే సరుకుకు మాత్రం కష్టం. అప్పుడు కొనేదే ఎక్కువ, రైతు డబ్బు రానిదే అప్పుడు. సీజన్‌కు 90 పెట్టండి, కావాలంటే మిగతా నెలల్లో 60 చేసుకోండి.

ఆడిట్_ఫైలు_కర్నూలు
నాకు 90 నచ్చదు. అక్కడే బ్యాంకు గీత ఉంది, దాటిన రోజు నుంచి పైపుల సార్‌కు రెండు వైపులా దెబ్బ. కానీ మే బిల్లుల్లో 35 శాతం జూలై నెలాఖరుకు మిగిలే ఉందని అంకెలే చెబుతున్నాయి. వాటిలో 75 దాటినవి ఎన్నో బిల్లు వారీగా చూస్తే గానీ ఈ రూలు ఎంతమందిని ఆపుతుందో తెలియదు. సగం కొట్లు ఆగిపోయే రూలైతే వారంలో మీరే తీసేస్తారు.

పైపులకొట్టు_అనంత
చూశాను మేడమ్. మే మొదటి పక్షం బిల్లుల్లో 11 కొట్లవి 75 దాటాయి, వాటిలో 8 కొట్లు ప్రతి ఏటా ఆగస్టులో కట్టేసేవే. కాబట్టి ఈ ఏడాదికి వేసవి బిల్లులకు 85, మిగతా నెలలకు 70 అనుకుంటున్నా. లెటర్ ఆపేశాం. ఉరవకొండకు క్రెడిట్ నోటు రేపు వెళ్తుంది. రెండు కొట్లకు లోడు ఆపాం, ఒకాయన వెంటనే 60 వేలు వేశాడు, ఇంకొకాయన ఫోన్ పెట్టేశాడు.

మూడో కొట్టు మా మేనమామది. 5 లక్షలు. దానికి ఏ రూలు పెట్టాలో మీలో ఎవరైనా చెప్పండి.

ప్రొద్దుటూరు_బట్టలు
అది మీ అమ్మగారితో మాట్లాడించాలి అన్నా, ఇక్కడ తేలదు.

కడప_సేల్స్
లోడు మాత్రం ఆపండి. మేనమామకు వదిలితే మిగతా రెండు కొట్లకూ వారంలో తెలిసిపోతుంది.